కంపాస్ ట్రావర్స్ 8.77 మీటర్లు కలవలేదు, బౌడిచ్‌తో పంచేయొచ్చా?

సాయి_సివిల్ | శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. బెంగళూరులో సివిల్ మూడో సెమిస్టర్ చదువుతున్నాను. సర్వే ప్రాక్టికల్స్‌కి మా బ్యాచ్‌కి యలహంక వైపు ఒక చిన్న కుంట ఇచ్చారు. మధ్యలో నీళ్ళున్నాయి కాబట్టి అడ్డంగా టేపు లాగడం కుదరదు. గట్టు చుట్టూ అయిదు స్టేషన్లు పెట్టుకుని, ప్రిస్మాటిక్ కంపాస్, 30 మీటర్ల ఫైబర్ టేపుతో ఒక చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాం. ఫీల్డ్ బుక్‌లో ఉన్నవి ఇవి:

```
లైను    బేరింగ్     పొడవు (మీ.)
1-2     48°30'      92.4
2-3     112°00'     108.6
3-4     196°30'     84.3
4-5     259°30'     102.5
5-1     325°30'     95.2
```

ఒక్కో లైను ఉత్తరానికి ఎంత పోయిందో చెప్పే లాటిట్యూడ్లు కూడితే -0.51 వచ్చింది, తూర్పుకు ఎంత పోయిందో చెప్పే డిపార్చర్లు కూడితే -8.75. అంటే క్లోజింగ్ ఎర్రర్ 8.77 మీటర్లు. చుట్టుకొలత 483.0, కాబట్టి 55లో ఒక వంతు. 300లో ఒక వంతు కంటే ఎక్కువుంటే మా సార్ ఒప్పుకోరు.

అయినా బౌడిచ్ రూల్ పెట్టి, ఆ ఎర్రర్‌ని లైన్ల పొడవును బట్టి పంచి చూశాను. రెండు మొత్తాలూ సున్నా అయ్యాయి, పటం చక్కగా మూసుకుంది, విస్తీర్ణం 15,729 చదరపు మీటర్లు వచ్చింది. లెక్కలో ఎక్కడా తప్పు కనబడటం లేదు. ఇలాగే రిపోర్టులో పెట్టొచ్చా? ట్రాన్సిట్ రూల్ వాడితే ఇంకా మెరుగ్గా వస్తుందా? బుధవారం ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

రఘు_సైట్ | శనివారం రాత్రి

తమ్ముడూ, పంచకు. బౌడిచ్ ఎంత ఎర్రర్ ఇచ్చినా సున్నా చేసేస్తుంది. 8 మీటర్లయినా సరే, 80 మీటర్లయినా సరే. మొత్తం సున్నా అయిందంటే కూడిక సరిగ్గా చేశావని అర్థం, అంతే.

ముందు ఎర్రర్ ఎటు చూస్తోందో చూడు. నీ లెక్క ప్రకారం తిరిగొచ్చిన చోటు స్టేషన్ 1 నుంచి 0.51 దక్షిణానికి, 8.75 పడమరకు ఉంది. ఆ బాణం బేరింగ్ 266°41' వస్తుంది. ఒక్క లైను పొడవులో పెద్ద తప్పు జరిగితే ఎర్రర్ ఆ లైనుకు సమాంతరంగా పడుతుంది. 266 డిగ్రీలకి దగ్గరగా ఉన్నది 4-5 ఒక్కటే, 259°30'. బాణం కూడా లైను వెళ్ళే వైపే ఉంది కాబట్టి దాన్ని ఎనిమిదో తొమ్మిదో మీటర్లు ఎక్కువ రాసుకున్నారు. వెళ్ళి 4-5 మళ్ళీ కొలువు, పని అయిపోతుంది.

వైట్‌ఫీల్డ్_వెంకట్ | శనివారం రాత్రి

మంచి టాపిక్ అండీ, నాదీ ఇదే సమస్య. మాది 30×40 సైటు. పత్రంలో ఉన్న కొలతకీ, నేల మీద కాంపౌండ్ కొలతకీ ఒక మూల దాదాపు అడుగు తేడా వస్తోంది. ఈ బౌడిచ్ రూల్‌తో ఆ అడుగుని నాలుగు వైపులకీ పంచుకోవచ్చా? పక్క సైటాయన ఒప్పుకోవడానికి ఈ లెక్క చూపిస్తే సరిపోతుందా? ఫోనులో కంపాస్ ఉంది.

సాయి_సివిల్ | ఆదివారం మధ్యాహ్నం

రఘు అన్నా, పొద్దున్నే వెళ్ళి 4-5 మళ్ళీ కొలిచాం. ఒకసారి 4 నుంచి 5కి, ఇంకోసారి 5 నుంచి 4కి. రెండుసార్లూ 102.4 వచ్చింది. పుస్తకంలో ఉన్నది 102.5. ఎనిమిది మీటర్లు ఎక్కడా దొరకలేదు. ఇప్పుడేం చేయాలి?

మాలతి_ఫీల్డ్ | ఆదివారం సాయంత్రం

బాబూ, పొడవుల జోలికి వెళ్ళే ముందు బేరింగుల సంగతి తేల్చుకోవాలి. నువ్వు పెట్టినవన్నీ ఫోర్ బేరింగులేగా. అవే లైన్లని అవతలి చివర నుంచి వెనక్కి చూసి బ్యాక్ బేరింగులు తీశారా? తీసి ఉంటే, దిద్దకుండా, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే ఇక్కడ పెట్టు. స్టేషన్ 4 దగ్గర చుట్టుపక్కల ఏమున్నాయో కూడా చెప్పు.

సాయి_సివిల్ | ఆదివారం సాయంత్రం

తీశాం అక్కా, కానీ లెక్కలో వాడలేదు. ఇవిగో:

```
లైను    ఫోర్        బ్యాక్
1-2     48°30'      228°30'
2-3     112°00'     292°00'
3-4     196°30'     13°30'
4-5     259°30'     82°30'
5-1     325°30'     145°30'
```

స్టేషన్ 4 కుంట కంచెకి ఆనుకుని ఉంది. ఇనుప జాలీ కంచె, దానికి ఇనుప కోణాల స్తంభాలు. రెండు మూడు అడుగుల దూరంలోనే కంపాస్ పెట్టాం. మిగతా స్టేషన్ల దగ్గర కంచె లేదు.

లక్ష్మి_కేఆర్‌పురం | ఆదివారం రాత్రి

నాకొక అనుమానం. మూడు లైన్లకి సరిగ్గా 180 డిగ్రీల తేడా రావడం ప్రిస్మాటిక్ కంపాస్‌తో అరుదు. నిజంగా వెనక్కి చూసి చదివారా, లేక ఫోర్ బేరింగ్‌కి 180 కలిపి రాసేశారా? రెండో పని చేసి ఉంటే ఈ పట్టిక వల్ల ఉపయోగం లేదు.

ఇంకొకటి, షీట్‌లో 48°30' ని 48.30 అని కొట్టలేదు కదా? 48.5 కావాలి. కోణం B గడిలో, పొడవు C గడిలో ఉంటే ఇవీ ఫార్ములాలు:

```
=C2*COS(RADIANS(B2))
=C2*SIN(RADIANS(B2))
```

RADIANS మర్చిపోతే అంకెలు ఎటో పోతాయి, అది వెంటనే తెలుస్తుంది. 48.30 తప్పు మాత్రం చూస్తే కనబడదు, అందుకే అడుగుతున్నా.

సాయి_సివిల్ | ఆదివారం రాత్రి

కోణాలు 48.5 అనే కొట్టానండీ. బ్యాక్ బేరింగులు కంపాస్ పెట్టే చదివాం. కాకపోతే మా కంపాస్ ఉంగరం మీద అర డిగ్రీకొక గీత ఉంది, మధ్యలో పడితే దగ్గరి గీతకు రాసుకోమని సార్ చెప్పారు. 5-1 చదివినప్పుడు ఉంగరం ఆగకుండా ఊగుతూనే ఉంది, అక్కడ పావు డిగ్రీ అటూ ఇటూ అయి ఉండొచ్చు.

మాలతి_ఫీల్డ్ | ఆదివారం రాత్రి

లక్ష్మి గారి అనుమానం సబబే. కానీ 3-4, 4-5 రెండూ తేడా చూపిస్తున్నాయి కాబట్టి ఇవి వండిన అంకెలు కావనే నా నమ్మకం. 180 కలిపి రాసేవాళ్ళు ఆ రెండూ కూడా కలిపే రాసేవాళ్ళు.

ఇప్పుడు చూడు సాయీ. 1-2 రెండు చివర్లా కలిసింది, 2-3 కలిసింది, 5-1 కలిసింది. అంటే 1, 2, 3, 5 దగ్గర సూది సరిగ్గానే నిలబడుతోంది. తేడా ఉన్న రెండు లైన్లూ ఒక్క చోటే కలుస్తున్నాయి, అది స్టేషన్ 4. 3 నుంచి 4ని చూస్తే 196°30', కాబట్టి 4 నుంచి 3 వైపు 16°30' రావాలి. మీకు 13°30' వచ్చింది. 5 నుంచి 4ని చూస్తే 82°30', కాబట్టి 4 నుంచి 5 వైపు 262°30' రావాలి. మీకు 259°30' వచ్చింది. రెండు చోట్లా 3 డిగ్రీలు తక్కువ, ఒకే వైపు. స్టేషన్ 4లో సూదిని ఏదో లాగుతోంది, లోకల్ అట్రాక్షన్ అంటే ఇదే. అక్కడ చదివిన ప్రతి బేరింగ్‌కీ 3 డిగ్రీలు కలపాలి.

ఫోర్, బ్యాక్ సగటు తీసి సర్దుకోమని ఎవరైనా చెబితే వినొద్దు. సగటు తీస్తే స్టేషన్ 3, 5 దగ్గర మంచిగా చదివిన బేరింగులు కూడా ఒకటిన్నర డిగ్రీ చెడిపోతాయి.

4-5 ని 262°30' అని మార్చి మళ్ళీ కూడు. అప్పుడొచ్చింది ఇక్కడ పెట్టు. పంచడం ఇంకా వద్దు.

సాయి_సివిల్ | ఆదివారం రాత్రి

మార్చాను అక్కా. లాటిట్యూడ్లు +4.79, డిపార్చర్లు -9.59. క్లోజింగ్ ఎర్రర్ 10.72 మీటర్లు! తగ్గాల్సింది పోయి రెండు మీటర్లు పెరిగింది. 45లో ఒక వంతు.

రఘు_సైట్ | ఆదివారం రాత్రి

అదే నేననేది. దిద్దాక పెరిగిందంటే దిద్దుబాటు తిరగబడిందన్నమాట. 3 డిగ్రీలు కలపడం కాదు, తీసేయాలి. 256°30' పెట్టి చూడు, తగ్గుతుంది. నేను ఇప్పుడే చేశాను, 9.56 వచ్చింది.

మాలతి_ఫీల్డ్ | సోమవారం పొద్దున

రఘు గారూ, మీ 9.56 లెక్క నిజమే, నేనూ చేసి చూశాను. కానీ దాన్నిబట్టి గుర్తు తేల్చకూడదు. కలపాలా తీయాలా అన్నది బ్యాక్ బేరింగులు చెబుతాయి, క్లోజింగ్ ఎర్రర్ చెప్పదు. తీసేస్తే 4 నుంచి 5 వైపు 256°30', 5 నుంచి 4 వైపు 82°30'. తేడా 174 డిగ్రీలు. ఒకే సరళ రేఖకు రెండు చివర్ల నుంచి అలా రాదు. కలిపితేనే 180 అవుతుంది.

మరి ఎర్రర్ ఎందుకు పెరిగింది? ఎందుకంటే ఇక్కడ తప్పులు రెండున్నాయి. ఒకటి స్టేషన్ 4 దగ్గర 3 డిగ్రీలు. 102.5 మీటర్ల లైను 3 డిగ్రీలు తిరిగితే చివర 5.37 మీటర్లు పక్కకు జరుగుతుంది, అదీ లైనుకు అడ్డంగా, అంటే దాదాపు దక్షిణానికి. రెండో తప్పు ఇంకెక్కడో ఉంది, అది చివరను వాయవ్యానికి నెడుతోంది. ఒకటి దక్షిణానికి లాగితే రెండోది ఉత్తరానికి లాగింది. ఆ రెండూ కొంత కొట్టేసుకుని మొత్తం 8.77 కనబడింది. పైగా కలిసిన బాణం 266 డిగ్రీల వైపు తిరిగింది. అందుకే ఏ పాపమూ తెలియని 4-5 లైను పొడవు మీదికి అనుమానం పోయింది. రఘు గారు చెప్పిన పద్ధతి సరైనదే, కాకపోతే అది ఒక్క తప్పే మిగిలినప్పుడు పనిచేస్తుంది. అందుకే బేరింగులు ముందు శుభ్రం చేసుకోవాలి.

ఇప్పుడు శుభ్రమయ్యాయి కాబట్టి ఆయన పద్ధతే వాడదాం. చివర 4.79 ఉత్తరానికి, 9.59 పడమరకు పడింది. బాణం బేరింగ్ 296°33'. నీ లైన్లలో దానికి దగ్గరగా ఏముంది? 5-1 బేరింగ్ 325°30', 29 డిగ్రీల దూరం. 4-5 ఇప్పుడు 262°30', 34 డిగ్రీల దూరం. 2-3 బేరింగ్ 112°00', దాన్ని తిప్పి చూస్తే 292°00'. నాలుగున్నర డిగ్రీల తేడా, అంతే.

బాణం 2-3 వెళ్ళే దిక్కుకు ఎదురుగా ఉంది. అంటే 2-3 అసలున్న దానికంటే తక్కువ రాసుకున్నారు. ఎంత తక్కువ అంటే పది మీటర్ల దగ్గర. టేపు పనిలో పది మీటర్ల తప్పు చాలా మామూలు, ఒక అంకె జారితే చాలు. వెళ్ళి 2-3 ఒక్కటే కొలువు.

ఆ నాలుగున్నర డిగ్రీల తేడా ఎందుకని అడుగుతావేమో. పది మీటర్ల తప్పు పోయాక కూడా మీటరో అంతకంటే కొంచెమో మామూలు ఎర్రర్ మిగులుతుంది, అది బాణాన్ని కొద్దిగా పక్కకు తిప్పుతుంది. సరిగ్గా 292 వచ్చి ఉంటేనే నాకు ఆశ్చర్యంగా ఉండేది.

పాత_గొలుసు | సోమవారం పొద్దున

మాలతమ్మ చెప్పింది ముత్యం లాంటి మాట. నేను సర్వే శాఖలో గొలుసు లాగిన కాలం నుంచీ చూస్తున్నాను. ఎర్రర్‌ని పంచే వాళ్ళు ఎక్కువ, వెతికే వాళ్ళు తక్కువ. ఒక్క హెచ్చరిక: రెండు లైన్లు దాదాపు సమాంతరంగా ఉంటే బాణం ఏది చూపిస్తోందో తేలదు. పొడవాటి చేను చుట్టూ తిరిగితే ఎదురెదురు గట్లు రెండూ అనుమానితులే. అప్పుడు రెండూ కొలవాల్సిందే. నీ కుంట గుండ్రంగా ఉండబట్టి బతికిపోయావు సాయీ.

2-3 కొలవడానికి ఎలాగూ వెళ్తున్నావు కదా, ఇంకో పని కూడా చేసుకో. స్టేషన్ 1 దగ్గర కంపాస్ పెట్టి, నీళ్ళ మీదుగా స్టేషన్ 3 రేంజింగ్ రాడ్‌ని చూసి బేరింగ్ రాసుకో. టేపు నీళ్ళు దాటదు గాని చూపు దాటుతుంది. ఆ బేరింగ్ నీ లెక్కలో ఎక్కడా వాడలేదు కాబట్టి అది నీకు సాక్షి.

వెంకట్ గారూ, మీ ప్రశ్న వేరు. సాయి పంచేది తను కొలిచిన దాంట్లో తేడా. మీది పత్రానికీ నేలకీ మధ్య తేడా, దాన్ని లెక్కతో పంచడానికి లేదు, లైసెన్సు ఉన్న సర్వేయరు వచ్చి హద్దులు చూడాలి. ఫోను కంపాస్ మాట మర్చిపోండి. మంచి కంపాస్‌తోనే అర డిగ్రీ తేడా 40 అడుగుల మీద నాలుగంగుళాలు అవుతుంది, మీ ఇంటి గేటు పక్కన అర డిగ్రీ కూడా నమ్మలేం. ఆయన వచ్చేలోపు మీరు చేసుకోగలిగింది ఒకటుంది: రెండు మూలగీతలూ టేపుతో కొలవండి. సైటు నిజంగా 30×40 మూలమట్టంగా ఉంటే రెండూ 50 అడుగులే రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే మూల పక్కకు జరిగిందని అర్థం.

వైట్‌ఫీల్డ్_వెంకట్ | సోమవారం మధ్యాహ్నం

థాంక్స్ పెద్దాయనా. కొలిచాను. ఒకటి 50 అడుగుల 7 అంగుళాలు, ఇంకోటి 49 అడుగుల 5. సర్వేయరుని పిలుస్తున్నా.

సాయి_సివిల్ | సోమవారం రాత్రి

2-3 దొరికింది!! 118.6. రెండు వైపుల నుంచీ కొలిచాం, రెండోసారి 118.5. పుస్తకంలో మూడు నిండు టేపులు, ఆపైన 18.6 అని ఉంది. అసలు ఆపైన ఉన్నది 28.6. ఎలా జరిగిందో కూడా తెలిసింది. టేపు చివర ఉన్న అబ్బాయి కన్నడలో అరిచి చెబుతున్నాడు, పక్కన రోడ్డు మీద లారీలు. 'ఇప్పత్తెంటు' అంటే రాసే వాడికి చివరి 'ఎంటు' మాత్రమే వినబడి 'హదినెంటు' అనుకున్నాడు. ఇక నుంచి రాసే వాడు తిరిగి గట్టిగా చదివాకే టేపు వదలాలని అనుకున్నాం.

118.6 పెడితే లాటిట్యూడ్లు +1.05, డిపార్చర్లు -0.32. క్లోజింగ్ ఎర్రర్ 1.10 మీటర్లు, చుట్టుకొలత 493.0. దాదాపు 450లో ఒక వంతు.

1 నుంచి 3 చూసిన బేరింగ్ 84°30'. దాంతో ఏం చేయాలో చెప్పండి.

మాలతి_ఫీల్డ్ | సోమవారం రాత్రి

శభాష్. ఇప్పుడు పంచు. ఈ 1.10 మీటర్లు ఏ ఒక్క లైనుదీ కాదు. అర డిగ్రీ గీతలు, టేపు కొంచెం వదులవడం, రాడ్ నిలువుగా లేకపోవడం, అన్నీ కలిసి వచ్చింది. ఎక్కడిదో చెప్పలేని ఎర్రర్‌నే పంచాలి.

బౌడిచ్‌లో ఒక్కో లైనుకు దాని పొడవును బట్టి వాటా వస్తుంది. లాటిట్యూడ్ 1.05 ఎక్కువైంది కాబట్టి తీసేయాలి. 2-3 అన్నిటికంటే పొడవు, దానికి 1.05 × 118.6 / 493.0, అంటే 0.25. 3-4 అన్నిటికంటే చిన్నది, దానికి 0.18. డిపార్చర్ 0.32 తక్కువైంది కాబట్టి కలపాలి, అదీ ఇదే పద్ధతిలో. దిద్దాక ఇలా వస్తుంది:

```
లైను    లాటిట్యూడ్    డిపార్చర్
1-2      61.03         69.26
2-3     -44.68        110.04
3-4     -81.01        -23.89
4-5     -13.60       -101.55
5-1      78.26        -53.86
```

కూడి చూసుకో, రెండూ సున్నా. గుర్తుల దగ్గర జాగ్రత్త: -44.43 నుంచి 0.25 తీస్తే -44.68 అవుతుంది, -44.18 కాదు. చివర మొత్తం సున్నా రాలేదంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇక నీ సాక్షి. ఈ అంకెలతో స్టేషన్ 3 ఉన్న చోటు 1 నుంచి 16.35 ఉత్తరం, 179.30 తూర్పు. ఆ దిక్కు 84°47'. నువ్వు చూసింది 84°30'. కంపాస్ ఒక గీత లోపే కలిసింది. శనివారం నువ్వు పంచి మూసేసిన పటంలో ఇదే దిక్కు 83°11' వస్తుంది, ఒక డిగ్రీ పైనే తేడా. ఆ పటం కాగితం మీద మూసుకుంది గాని నేల మీద ఉన్న కుంట అది కాదు. అందులో స్టేషన్ 4 అసలు చోటు నుంచి ఆరు మీటర్ల పైచిలుకు పక్కకు పోయింది. విస్తీర్ణం ఇప్పుడు 16,312 వస్తుంది, అప్పుడు 15,729. తేడా 583 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు అయిదు ముప్పావు గుంటలు.

రఘు_సైట్ | సోమవారం రాత్రి

మాలతి గారూ, గుర్తు సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ట్రాన్సిట్ రూల్ మీద మీ మాట? మా సైటులో టోటల్ స్టేషన్ పనికి అదే మంచిదని చెప్పేవారు. కోణాలు తక్కువ కదులుతాయి కదా.

పాత_గొలుసు | మంగళవారం పొద్దున

నేను చెప్తాను. బౌడిచ్ ఈ రూల్ ఇచ్చింది 1808లో, అమెరికాలో ఒక గణిత పత్రికలో పోటీ ప్రశ్నకు జవాబుగా. ఆయన అనుకున్నది ఏమిటంటే, దిక్కు వల్ల వచ్చే తప్పూ, పొడవు వల్ల వచ్చే తప్పూ లైను చివర ఒకే పాటి జరుగుడు ఇస్తాయని. కంపాస్, టేపు జోడీకి అది సరిపోతుంది, అందుకే దాన్ని కంపాస్ రూల్ అని కూడా అంటారు. వంద మీటర్ల మీద పావు డిగ్రీ తేడా అంటే 44 సెంటీమీటర్లు. టేపు కూడా గడ్డిలో, గట్టు మీద దాదాపు ఆ పాటే తప్పుతుంది.

ట్రాన్సిట్ రూల్ కోణాలు బాగా, పొడవులు అంతంత మాత్రంగా ఉన్నప్పటిది. కంపాస్ బేరింగుల్ని టేపు కంటే ఎక్కువ నమ్మాల్సిన కారణం ఇక్కడ లేదు. పైగా దాంట్లో వాటా లాటిట్యూడ్, డిపార్చర్ సైజును బట్టి పడుతుంది కాబట్టి ఉత్తరాన్ని వేరే వైపుకి అనుకుంటే జవాబే మారిపోతుంది. 4-5 లాంటి దాదాపు తూర్పు పడమర లైనుకు లాటిట్యూడ్ దిద్దుబాటు చాలా తక్కువ ఇస్తుంది. ఆ లైనుకే మూడు డిగ్రీల తప్పు దొరికింది మనకు.

రఘు_సైట్ | మంగళవారం పొద్దున

కోణాలు నిజంగా బాగున్న చోట మాత్రం నేను దాన్నే వాడతాను సార్. ఈ కుంటకి బౌడిచ్ సరే.

లక్ష్మి_కేఆర్‌పురం | మంగళవారం మధ్యాహ్నం

సాయీ, రిపోర్టు ఇచ్చే ముందు టేపు చూసుకున్నావా? క్లోజింగ్ ఎర్రర్ ఎప్పటికీ చూపించని తప్పు అది. ఫైబర్ టేపు సాగితే అన్ని లైన్లూ ఒకే నిష్పత్తిలో తక్కువ వస్తాయి, పటం చిన్నదై అలాగే చక్కగా మూసుకుంటుంది. మా సైటులో ఒక పాత టేపుని స్టీలు టేపు పక్కన పరిచి చూస్తే 30 మీటర్లకి 6 సెంటీమీటర్లు సాగి ఉంది. నీదీ అలాంటిదైతే విస్తీర్ణంలో 65 చదరపు మీటర్ల దాకా తేడా పోతుంది. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా కూడా అంతే, పటం మొత్తం తిరుగుతుంది, ఎర్రర్ మాత్రం మారదు. అది విస్తీర్ణాన్ని చెడగొట్టదు గాని టేపు చెడగొడుతుంది.

ఇంకా, స్టేషన్ 4 దగ్గర కంచే లాగిందని నాకు పూర్తి నమ్మకం లేదు. జాలీ కంచె మూడు డిగ్రీలు తిప్పుతుందా? కంపాస్ చదివిన వాళ్ళ దగ్గర తాళాలు, టేపు ఇనుప పెట్టె, కింద పైపు ఏమైనా ఉందా?

మాలతి_ఫీల్డ్ | మంగళవారం సాయంత్రం

ఇనుప స్తంభం రెండడుగుల్లో ఉంటే తిప్పుతుందనే అనుకుంటాను. పాతిన పైపు ఉన్నా తిప్పుతుంది. చదివే మనిషి జేబులోది అయితే మిగతా స్టేషన్లలో కూడా తేడా రావాలి, ప్రతిచోటా అదే మనిషి చదివి ఉంటే. దిద్దుబాటుకు కారణం తెలియక్కర్లేదు, ఆ స్టేషన్లో రెండు బేరింగులూ ఒకే పాటి తప్పితే చాలు. కానీ తెలుసుకోవడం మంచిదే. 3-4 లైను మీదే కంచెకి నాలుగైదు మీటర్ల దూరంలో కంపాస్ పెట్టి 3ని చూడు. 16°30' దగ్గరికి వస్తే కంచె పనే.

సాయి_సివిల్ | మంగళవారం రాత్రి

స్టేషన్ 4 దగ్గర చదివింది వేరే అబ్బాయి అక్కా, వాడి బెల్టుకి పెద్ద ఇనుప బకిల్ ఉంది. కాబట్టి అది కూడా తోసిపుచ్చలేం. రేపు పొద్దున రిపోర్టు ఇచ్చే ముందు బెల్టు తీయించి అక్కడే ఒకసారి, కంచెకి దూరంగా ఒకసారి చదివిస్తాను. ల్యాబ్‌లో స్టీలు టేపు ఉంది, కాలేజీ కారిడార్లో పక్కపక్కన పరిచి చూస్తాను. రిపోర్టులో ఇప్పటికి 16,312 రాసి, టేపు సరిచూడాల్సి ఉందని పక్కన రాశాను. పాత కొలత 108.6 ని చెరపకుండా ఒక గీత కొట్టి, పైన 118.6, తేదీ వేశాను. సార్ అడిగితే చూపిస్తాను.